సవరణ: స్కాన్ నార్మల్ అంటే గర్భసంచిలో అతుకులు లేవని కాదు

"అబార్షన్ అయ్యాక డి అండ్ సి చేశారు. నాలుగు నెలలుగా నెలసరికి రెండు చుక్కలే. స్కాన్ బాగుంటే చాలన్నారుగా మీరు?"

అని ఒక పాఠకురాలు అడిగారు. స్కాన్ బాగుంటే చాలని ఇదివరకు రాయడం నా తప్పే. డి అండ్ సిలో గర్భసంచిని లోపల గీకినప్పుడు దాని లోపొర అడుగుదాకా దెబ్బతింటే ముందు, వెనుక గోడలు అక్కడక్కడా అతుక్కుంటాయి. మామూలు స్కాన్‌లో ఆ అతుకులు చాలాసార్లు దొరకవు.

ముందు మళ్లీ గర్భం రాలేదని తేల్చుకోండి. హార్మోన్ పరీక్షలు సరిగ్గా ఉండి, నెలనెలా పొత్తికడుపు నొప్పి వస్తూ రక్తం మాత్రం రాకపోతే అనుమానం బలపడుతుంది. గర్భసంచిలోకి సెలైన్ ఎక్కించి చేసే స్కాన్‌లో, అతుక్కున్న చోట సంచి విచ్చుకోదు. ఖాయంగా తేల్చేది మాత్రం హిస్టెరోస్కోపీయే. సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపితే గోడల మధ్య సాలెగూడు లాంటి పొరలో, తెల్లటి గట్టి పట్టీలో నేరుగా కనిపిస్తాయి. పల్చటివైతే డాక్టర్ అప్పుడే విడదీసేయొచ్చు కూడా.