మెషిన్ మీద రాసిన గ్రాములు మన గ్రాములు కావు

పోయిన నెల జీడిమెట్ల నుంచి ప్లాస్టిక్ ఇంజెక్షన్ మోల్డింగ్ చేసే తెలిసినాయన ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, నా షాట్ 127 గ్రాములు, మెషిన్ 171 గ్రాములది, అంటే 74 శాతమే వాడుతున్నా కదా, అయినా నాలుగు గ్లాసుల్లో ఒకటి ఎప్పుడూ అంచు దగ్గర కొరుక్కుపోయినట్టు వస్తోంది, ఏం చేసినా సెట్ అవ్వట్లేదు" అన్నాడు. షాట్ అంటే మెషిన్ ఒక్కసారికి డైలోకి తోసే మొత్తం ప్లాస్టిక్. డై కొత్తది, మెషిన్ కూడా దాదాపు కొత్తదే. ఆయన లెక్కలో కూడికలు, గుణకారాలు అన్నీ కరెక్టే. కానీ 171 అనే అంకె ఆయన మెటీరియల్‌ది కాదు, అసలు గొడవంతా అక్కడే ఉంది.

ముందు ఆయన 127 ఎలా వచ్చిందో చూద్దాం. నాలుగు కేవిటీల డై, పాలీప్రొపిలీన్ అంటే పీపీ గ్లాసు, డ్రాయింగ్‌లో ఒక్కో గ్లాసు వాల్యూమ్ 31 సీసీ, నాలుగూ కలిపి 124. గేటు గ్లాసు అడుగు మధ్యలో కాబట్టి ఇది త్రీ ప్లేట్ డై, కోల్డ్ రన్నర్. రన్నర్ అంటే ప్లాస్టిక్ గ్లాసుల దాకా పారే దారి, అది 6 ఎంఎం గుండ్రంది, హెచ్ ఆకారంలో మొత్తం పొడవు 330 ఎంఎం, అది 9.3 సీసీ. అక్కడి నుంచి ఒక్కో గ్లాసుకి దిగే కాళ్లు నాలుగు, ఒక్కోటి 70 ఎంఎం, సగటున 5 ఎంఎం లావు, అవి 5.5 సీసీ. స్ప్రూ 50 ఎంఎం పొడవు, పైన 4 కింద 7 ఎంఎం, అది 1.2 సీసీ. మొత్తం రన్నర్ సిస్టమ్ 16 సీసీ, గ్లాసులతో కలిపి 140 సీసీ. పీపీ డెన్సిటీ 0.905తో గుణిస్తే 127 గ్రాములు. చాలామంది రన్నర్ని "ఏదో పది శాతం వేసేయ్" అని వదిలేస్తారు, ఈయన మాత్రం ఓపిగ్గా కొలిచాడు, అందుకే ఆయన మీద నాకు గౌరవం.

ఇప్పుడు ఆ 171 సంగతి. కేటలాగ్‌లో షాట్ వెయిట్ అని రాసేది మామూలుగా జీపీపీఎస్‌కి, అంటే పాలీస్టైరీన్‌కి. ఆ లైన్ పక్కన చిన్న అక్షరాల్లో పీఎస్ అని ఉంటుంది, కానీ మెషిన్ కొనేటప్పుడు దాన్ని చదివేవాళ్లు తక్కువ. ఈయన మెషిన్‌లో స్క్రూ 40 ఎంఎం, స్ట్రోక్ 150 ఎంఎం. స్క్రూ అడ్డకోత 12.57 చదరపు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం తోసే వాల్యూమ్ 188 సీసీ, దాన్ని కంపెనీవాళ్లు కరిగిన పీఎస్ లెక్కన సుమారు 0.91తో గుణించి 171 గ్రాములు అని రాశారు.

కొంచెం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అడుగు ముందుకేసి, పీఎస్ డెన్సిటీ 1.05, పీపీది 0.905, కాబట్టి 171ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 147 వస్తుంది, మన షాట్ దాంట్లో 86 శాతం అంటారు. దగ్గరికొచ్చారు గానీ ఇదీ తప్పే, ఎందుకంటే బ్యారెల్‌లో ఉండేది గట్టిపడిన పీపీ కాదు, కరిగిన పీపీ. పీపీ కరిగితే బాగా ఉబ్బుతుంది, 230 డిగ్రీల దగ్గర దాని డెన్సిటీ సుమారు 0.73కి పడిపోతుంది. పీఎస్ అంతగా ఉబ్బదు. అందుకే రెండు గట్టి డెన్సిటీల నిష్పత్తి వాడితే పీపీకి అవసరమైన జాగా తక్కువ చూపిస్తుంది.

సరైన లెక్క ఇది. 127 గ్రాముల్ని 0.73తో భాగిస్తే 174 సీసీ మెల్ట్ కావాలి. దాన్ని 12.57తో భాగిస్తే స్క్రూ 138 ఎంఎం కదలాలి, అంటే ఉన్న స్ట్రోక్‌లో 92 శాతం. స్క్రూ ముందు కాస్త మెల్ట్ మిగలాలి, ఆ కుషన్‌కి 5 ఎంఎం, స్క్రూని కొంచెం వెనక్కి లాగే సక్‌బ్యాక్‌కి 4 ఎంఎం కలిపితే 147. 150లో ఇంక మిగిలింది మూడే. ఒకే షాట్, ఒకే మెషిన్, లెక్క వేసే పద్ధతి మారితే 74, 86, 92.

ఫోన్లోనే అడిగా, స్క్రీన్ మీద కుషన్ ఎంత చూపిస్తోందని. "కొన్నిసార్లు రెండు, కొన్నిసార్లు సున్నా" అన్నాడు. సున్నా అంటే స్క్రూ ముందుకెళ్లి గోడకి ఆనేసింది, హోల్డింగ్ ప్రెషర్ ఎంత పెట్టినా మెల్ట్‌కి అందదు, చివర నిండే కేవిటీలో షార్ట్ లేదంటే సింక్ తప్పదు. ఆపరేటర్ ఏం చేశాడంటే హీటర్లు 20 డిగ్రీలు పెంచాడంట! బాగా పారుతుందని ఆయన ఉద్దేశం, పాపం, కానీ వేడి పెరిగితే పీపీ ఇంకా ఉబ్బి, అంతే బరువుకి స్ట్రోక్ ఇంకా ఎక్కువ తినేస్తుంది.

ఇంకో సంగతి, ఇది శాతాల్లో కనపడదు. 138 ఎంఎం అంటే స్క్రూ వ్యాసానికి 3.45 రెట్లు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రెట్ల మధ్య ఉంచమంటారు, ఊరికే కాదు. స్క్రూ వెనక్కి ఎంత దూరం పోతే కొత్తగా పడే గ్రాన్యూల్స్ కరగడానికి అంత తక్కువ పొడవు మిగులుతుంది, అప్పుడు గాలి బుడగలు, సరిగ్గా కరగని ముక్కలు వస్తాయి, ఒక షాట్ బరువు ఇంకో షాట్‌తో కలవదు.

ఈయనకి నేను చెప్పింది 45 ఎంఎం స్క్రూ సెట్. ఒకే టన్నేజీ మెషిన్‌కి ఏ, బీ, సీ అని మూడు స్క్రూలు ఇచ్చే కంపెనీలే ఎక్కువ. 45 ఎంఎంకి అడ్డకోత 15.9, కాబట్టి 174 సీసీకి స్ట్రోక్ 109 ఎంఎం, అంటే 73 శాతం, వ్యాసానికి 2.4 రెట్లు, హాయిగా ఉంటుంది. ఊరికే రాదు లెండి, అదే హైడ్రాలిక్స్ మీద స్క్రూ పెద్దదైతే మెల్ట్ మీద పడే గరిష్ఠ ప్రెషర్ 21 శాతం దాకా తగ్గుతుంది, పల్చటి గోడల గ్లాసుకి అది సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి.

అలా అని 60 ఎంఎం స్క్రూ ఉన్న పెద్ద మెషిన్ ఎక్కిస్తే? దాంట్లో స్క్రూ 1 ఎంఎం అటూఇటూ అయితే 2 గ్రాముల పీపీ తేడా, 45లో అదే 1.2 గ్రాములు. పైగా మెటీరియల్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉడుకుతుంది, పీపీ ఏదోలా తట్టుకుంటుంది గానీ పీవీసీ, అసిటాల్ లాంటివి అలా తట్టుకోవు.

గ్రాముల్లో ఆలోచించడమే మన జబ్బు అని నా అభిప్రాయం. ఇదే గ్లాసు 20 శాతం టాల్క్ పీపీలో చేస్తే డెన్సిటీ 1.05 దగ్గరికెళ్తుంది, షాట్ 147 గ్రాములు అవుతుంది, కాగితం మీద మెషిన్ చాలట్లేదని గాబరా. కానీ కేవిటీ పెరగలేదు, మెల్ట్ డెన్సిటీ కూడా దాంతోపాటే పెరిగింది కాబట్టి స్ట్రోక్ దాదాపు అంతే. టన్నేజీ ఒక్కటే చూసి మెషిన్ కొనడం కూడా ఇలాంటి జబ్బే, ఈ నాలుగు గ్లాసులకి 60 టన్నులు చాలు అని 100 టన్నుల మెషిన్ తీసుకుని, స్క్రూ ఏది వస్తుందో అడగకుండానే అడ్వాన్స్ కట్టేశాడు ఈయన.

0.73 మీద నమ్మకం లేకపోతే మీ మెషిన్‌లోనే కొలుచుకోవచ్చు. నడుస్తున్న జాబ్‌లో స్క్రూ బయలుదేరిన స్థానంలోంచి కుషన్, సక్‌బ్యాక్ తీసేయండి, మిగిలిన ఎంఎంని సెంటీమీటర్లలోకి మార్చి స్క్రూ అడ్డకోతతో గుణించండి, రన్నర్‌తో సహా ఫుల్ షాట్ తూకం వేసి దాన్ని ఆ సీసీతో భాగించండి. పీపీకి 0.7కి బాగా తక్కువ వస్తే డెన్సిటీని అనుమానించకండి, చెక్ రింగ్ అరిగి మెల్ట్ వెనక్కి కారుతోందేమో చూడండి. ఈయన కొలిస్తే 0.72 వచ్చింది, రింగ్ బాగానే ఉంది. స్క్రూ సెట్‌కి కొటేషన్ వచ్చింది, హాట్ రన్నర్‌కి కూడా అడిగాడు, రన్నర్ బరువు పోతే 40 స్క్రూలోనే 122 ఎంఎంకి దిగుతుంది కదా అని. వ్యాసానికి మూడు రెట్లు అన్నమాట, అంచున నిలబడ్డట్టే. ఇంకా తేల్చుకోలేదు.