చీటీ రాయడమే నా తప్పట!

ఇప్పుడే వెళ్లారు పిన్నిగారు. నా కాఫీ చల్లారిపోయింది, కోపం మాత్రం చల్లారలేదు. అందుకే ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

పది రోజుల కిందట మా ఇంటికొచ్చి డబుల్ కాట్ దుప్పటి ఒకటి పట్టుకెళ్లారు. మర్రిపాలెంలో మా మేడ మీద గదిలో నేను సెకండ్స్, అంటే లోపముందని ఫ్యాక్టరీ తీసేసిన దుప్పట్లు, అమ్ముతానని మీకు తెలుసు కదా. లోపమేంటో నేను రాసిన చీటీ దుప్పటికి ఉంది. చదివారు, నవ్వారు, "ఫర్వాలేదమ్మా, పరుపు కిందకి పోయేదే కదా" అన్నారు. తీసుకెళ్లి ఏం చేశారయ్యా అంటే, వియ్యపురాలి గృహప్రవేశానికి పెట్టారు! చీటీ చింపకుండా! వియ్యపురాలు మడత విప్పేసరికి నా చేతిరాత బయటపడింది. "ఫ్యాక్టరీ తనిఖీలో తీసేసిన పీసు, అందుకే 520 రూపాయలు."

ఇవాళ పొద్దున్నే వచ్చి నన్ను నిలదీశారు. "నువ్వు అంతలేసి అక్షరాలతో రాయకపోతే నాకీ తలవంపులు ఉండేవా? మిగతావాళ్లు ఎవరైనా ఇలా రాస్తున్నారా ఏటి?"

రాయరు పిన్నిగారూ. వాళ్లు "చిన్న డ్యామేజ్" అని రాస్తారు, లేదా ఏమీ రాయరు. చిన్న డ్యామేజ్! ఎంత చిన్న? ఎక్కడ? ఉతికితే పెరుగుతుందా, అలాగే ఉంటుందా? ఈ నాలుగు ముక్కలూ చెప్పకపోతే ఆ మాటకి అర్థమేంటి? పెళ్లిచూపుల్లో "అబ్బాయికి కాస్త కోపం ఎక్కువ" అన్నట్టు. ఆ కాస్త ఎంతో కాపురానికెళ్లాకే తెలుస్తుంది.

నేను ఆ దుప్పటికి రాసిందిదీ: "పొడవు వైపు చివర, అంచు నుంచి 3 అంగుళాల లోపల, అడ్డంగా ఒక పేక పోగు తప్పింది. సన్నని గీతలా కనిపిస్తుంది. చిరుగు కాదు. ఇలాంటి పీసునొకదాన్ని రెండుసార్లు ఉతికి చూశాను, గీత పెరగలేదు. ఫ్యాక్టరీ తనిఖీలో తీసేసిన పీసు, అందుకే 520 రూపాయలు. ఈ గీత కోసం వాపసు లేదు. నేను రాయని లోపం కనిపిస్తే డబ్బు వాపసు." అంతే. దుప్పటి 90 బై 100. పరుపు పొడవు 78 అంగుళాలు. అంటే రెండు చివర్లా పదకొండేసి అంగుళాలు మిగులుతుంది, ఆరు అంగుళాలు పరుపు మందానికి పోతే ఆ గీత పరుపు కిందకే దూరుతుంది. ఆ లెక్క వేసుకునే ధర పెట్టాను. అదే గీత నట్టనడుమ ఉంటే ధర ఇంకా తగ్గిస్తాను.

ధర అంటే గుర్తొచ్చింది. "తప్పులున్న దుప్పటికి 520 ఏంటమ్మా, 300కి ఇవ్వరాదూ" అనేవాళ్లకి ఒక్కసారి లెక్క చెప్తాను, మళ్లీ అడగొద్దు. ఈ లాటు 60 పీసులు, పీసు 310 చొప్పున కొన్నాను, రవాణా 900. మొత్తం 19,500. మేడ మీద ఎండలో ఒక్కొక్కటీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తాను. ట్యూబ్‌లైట్ కింద తప్పిన పోగు కనపడదు, చమురు మరకా కనపడదు. ఈసారి 9 పీసులకి చిల్లులు. అవి దుప్పట్లుగా అమ్మను, దిండు గలీబులకి కోసేస్తాను. మిగిలిన 51కి పంచితే ఒక్కోటి 382 పడింది. ఎండలో నా నడుం నొప్పి లెక్క వేసుకోలేదు. తప్పులేని ఇలాంటిదే బయట 1,100 పలుకుతోంది. ఇందులో నేను కట్టిన మేడలెన్నో మీరే చెప్పండి.

ఇక "సర్‌ప్లస్" అనే మాట మీద నాకున్న కసి చూడండి. ఫ్యాక్టరీలో ఆర్డరు కంటే కాస్త ఎక్కువే నేస్తారు, తనిఖీలో కొన్ని పోతాయని. అన్నీ పోకపోతే మంచివి మిగులుతాయి. అది సర్‌ప్లస్. పోయినవి సెకండ్స్. రెండింటికీ చవక కారణం వేరు. ఒకటి కొనేవాడు లేక చవక, రెండోది లోపముండి చవక. మూట కట్టేవాడు రెండూ కలిపేసి "అన్నీ సర్‌ప్లసే మేడం" అంటాడు. బజార్లో దుకాణం వాడు దాన్ని "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" చేసి, 1,999 కొట్టేసి 599 అని అట్టముక్క వేలాడదీస్తాడు. ఆ 1,999 ఏ ఊళ్లో ఎవరు పెట్టి కొన్నారో! పిన్నిగారు అక్కడ బేరమైనా ఆడరు. నాదగ్గర మాత్రం 520కి గంటసేపు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, నన్నే అనుకోండి. మన విశాఖ సముద్రం గాలికి మంచి సర్‌ప్లస్ కూడా నాదగ్గరే పాడవుతుంది. పోయిన వానాకాలం ఇనుప ర్యాకు తుప్పు అంటుకుని నాలుగింటికి మడత మీద గోధుమ రంగు చుక్కలు పడ్డాయి. మా మరిది "ఫ్యాక్టరీ మరక అని రాసెయ్ వదినా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. ఫ్యాక్టరీ చేసిన తప్పు కాదు కదా, నా ర్యాకు చేసింది. "మా ఇంట్లో తుప్పు మరక, పోదు" అనే రాశాను. మూడు అమ్ముడుపోయాయి, నాలుగోది మా మరిదికే ఇచ్చాను.

నేనింత పట్టింపుగా ఎందుకుంటానో తెలుసా? మా పాపకి మొదటి పుట్టినరోజున అల్లిక బట్ట గౌను కొన్నాను. దుకాణంలో భుజం దగ్గర సూదిమొనంత చిల్లు చూపించి అడిగితే "కుట్టు మిషన్ సూది గుచ్చుకుందమ్మా, ఏం కాదు" అన్నాడు. అల్లిక బట్టలో ఒక ఉచ్చు తెగితే నిచ్చెన మెట్లలా కిందకి జారిపోతుందని నాకప్పుడు తెలీదు. వాడికి తెలుసు. రెండో ఉతుక్కి చిల్లులో నా వేలు దూరింది. తీసుకెళ్తే "చూసే కొన్నారు కదమ్మా" అన్నాడు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో ఉందట, పరీక్షించి కొన్నవాళ్లు ఆ పరీక్షలో కనపడాల్సిన లోపం గురించి తర్వాత పేచీ పెట్టడం కష్టమని. చిల్లు చూశాను బాబూ, అది పెరుగుతుందని నువ్వు చెప్పలేదే! పదకొండేళ్లయింది. ఆ వీధిలోంచి వెళ్తే ఇప్పటికీ మొహం తిప్పుకునే వెళ్తాను.

సరే, పిన్నిగారి సంగతి. తిట్టడం అయ్యాక మంచినీళ్లు తాగి, "ఇంకో రెండు ఇయ్యమ్మా, మా ఇంట్లోకే. చీటీలు మాత్రం వద్దు" అన్నారు.

ఇచ్చాను. చీటీలు ఈసారి మూలకి సూదీ దారంతో కుట్టి మరీ ఇచ్చాను. కింద ఇంకో వాక్యం చేర్చాను: "ఈ మూల రెండు సూది గుచ్చులు నావే."