ఆ రెండు సీసాలను తీసేసింది ఎవరు?

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అందుకే అక్కడి నీళ్ళ గురించి ఎవరు ఏం రాసినా నేను వాక్యం వాక్యం పట్టి చదువుతాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా అదే. కవిటి, సోంపేట వైపు తిరిగి బోర్ల నీళ్ళు, నూతుల నీళ్ళు సీసాల్లో పట్టాను. చివరికి రిపోర్టులో మూడు వాక్యాలు పడ్డాయి: "48 నమూనాలు సేకరించబడ్డాయి. నైట్రిక్ ఆమ్లం కలపబడింది. 5 నమూనాలు మినహాయించబడ్డాయి." మూడింటిలోనూ పని ఉంది, చేసిన మనిషి లేడు.

మధ్య వాక్యంతో నాకు పేచీ లేదు. నీళ్ళలోని లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా పీహెచ్ 2 కంటే తగ్గేదాకా ఆమ్లం కలుపుతాం. కలిపిన చెయ్యి నాదైనా, ల్యాబ్‌లో ఇంకొకరిదైనా ఫలితం మారదు. చదివేవాళ్ళ చూపు ఆమ్లం మీద, పీహెచ్ మీద ఉండాలి. ఇంగ్లిష్‌లో పాసివ్ వాయిస్ ఇలాంటి చోట బాగా పనిచేస్తుంది.

మొదటి వాక్యం అలా కాదు. ఎక్కడి నీళ్ళు పట్టాలో నాకు చూపించింది ఆ ఊరి ఆశా అక్క. "బాబూ, ఈ బోరు మొన్న వేశారు. ఇన్నేళ్ళూ తాగింది ఆ నూతి నీళ్ళే" అని నన్ను వెనక్కి తిప్పింది. ఆమె లేకపోతే నేను జబ్బు వచ్చాక తవ్విన బోరు నీళ్ళు పట్టుకుని, జబ్బుకు ముందు తాగిన నీళ్ళ గురించి రాసేవాణ్ణి. "సేకరించబడ్డాయి" అన్న మాటలో ఆమె ఎక్కడుంది?

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం మూడోదే. ఐదింటిలో మూడు సీసాలకు దారిలో మూత వదులైంది. వాటిని పరీక్షకు ముందే పక్కన పెట్టాం. మిగతా రెండింటిలో సీసం బాగా ఎక్కువ వచ్చింది. అంకె చూశాకే సారూ నేనూ కలిసి వాటిని తీసేశాం. సీసా మురికిదా, లేక ఆ బోరే అలాంటిదా? మాతో పాటు ఊరంతా తిప్పిన ఖాళీ సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి పరీక్షిస్తే కొంత తెలిసేది. మేం ఆ పని చెయ్యలేదు. "మినహాయించబడ్డాయి" అనగానే మూత వదులైన సీసా, మాకు నచ్చని అంకె ఒకే గాటన పడిపోయాయి.

అసలు తెలుగులో క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. తీసేశాం, తీసేశారు. "బడు" తగిలించి ఆ మనిషిని పనిగట్టుకుని తుడిచేస్తున్నాం.

ఇప్పుడైతే ఇలా రాస్తాను: "మూత వదులైన 3 సీసాలను పరీక్షకు ముందే పక్కన పెట్టాం. సీసం ఎక్కువ వచ్చిన 2 సీసాలను ఫలితం చూశాక తీసేశాం, వాటి అంకెలు పట్టికలో ఇచ్చాం. పాత నూతులను ఆశా కార్యకర్త చూపించారు."