వీధికి కనపడని పొదుపు

గోదావరి జిల్లాల్లో ఉద్యోగం ఎవరికైనా పోవచ్చు గానీ, పోయినట్టు నలుగురికీ తెలియకూడదు. పొదుపు మీద సలహాలిచ్చే పెద్దలెవరూ ఈ మూలసూత్రాన్ని పట్టించుకోరు. వాళ్ల లెక్కలు మా డెల్టాలో పారకపోవడానికి కారణం అదే.

భీమవరం దగ్గర మాకు తెలిసిన ఒకాయన రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చూసేవారు. జీతం 30,000. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆర్డర్లు తగ్గాయి, షిఫ్టులు తగ్గాయి, చివరికి ఆయన రాయాల్సిన లెక్కలూ తగ్గాయి. "కొన్నాళ్లు ఇంటిదగ్గర రెస్ట్ తీసుకోండి గారూ" అన్నారట యాజమాన్యం వారు. ఉద్యోగం పీకేటప్పుడు కూడా గారూ అనడం ఈ నేల గొప్పదనం.

ఆ రాత్రి భోజనాలయ్యాక వీధి తలుపు గడియపెట్టి పొదుపు చర్చ మొదలుపెట్టారు. ఇంటర్ చదివే అమ్మాయి పాత నోటుబుక్కు తీసి రాయడానికి కూర్చుంది. ముందు వేటు పాల మీద పడింది. రోజుకి అరలీటరు తగ్గిస్తే, లీటరు 70 చొప్పున నెలకి 1,050. పేపరు, కేబులు కూడా మానేస్తే మరో 550. నానమ్మగారైతే ఏకాదశులు నెలకి రెండే ఉన్నాయని నొచ్చుకుని, శనివారాలు కూడా కలుపుకుంటానన్నారు. ఇంతమంది ఇన్ని త్యాగాలు చేస్తే తేలింది 1,600. వీధికి కనపడేవాటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ నెల్లోనే రెండు పెళ్లిళ్లున్నాయి, చదివింపులు ఒక్కోటీ 2,116. అందులో ఒక్క రూపాయి తగ్గినా మన పరువు కాలవలో కలిసిపోతుందని ఇంటాయన తేల్చి చెప్పేశారు.

"చీటీ 5,000 ఆపేద్దామా నాన్నా?" అంది అమ్మాయి. ఆపడానికి లేదు. పాడుకోని చీటీ అయితే మానేసినా కట్టిన సొమ్ము ఆలస్యంగానైనా, కమీషన్ పోగా చేతికొస్తుంది. ఈయన ఎనిమిదో నెలలోనే పాడేసుకుని, ఆ డబ్బుతో మేడ మీద గది వేశారు. ఇప్పుడు వాయిదా ఎగ్గొడితే హామీ సంతకం పెట్టిన బావమరిది గుమ్మంలోకొచ్చి కూర్చుంటారు. అప్పుడు వీధికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"మరి ఈ ఫైనాన్స్ 3,000 ఏంటి?"

అందరూ ఇంటావిడ వైపు చూశారు, ఆవిడ పైనున్న ఫ్యాను వైపు చూసింది. ఇంటావిడ అయిదు కాసుల బంగారం రెండేళ్లుగా తాకట్టులో ఉంది. తెచ్చింది రెండు లక్షలు. నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీ నెలకి 3,000. అసలు అలాగే ఉంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, పుస్తెలు ముందే తాకట్టుకి వెళ్లిపోయినవాళ్లు ఏం తినాలో ఆ సామెత చెప్పదు.

"అందులో మూడు కాసులు అమ్మేసి అప్పు తీర్చేద్దాం నాన్నా," అంది అమ్మాయి. కాసు 8 గ్రాములు, గ్రాము పదివేల చుట్టూ తిరుగుతున్న రోజులు. తరుగు పోయినా రెండు లక్షలు దాటుతుంది.

"బంగారం అమ్ముకున్నారంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారాయన.

"రెండేళ్ల నుంచీ నేను వన్ గ్రామ్ గోల్డ్ వేసుకునే పేరంటాలకి వెళ్తున్నానండి," అంది ఇంటావిడ. "ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనుకోలేదు."

అంటే ఈ కుటుంబం ఫైనాన్స్ వాళ్ల బీరువాలో ఉన్న, వీధిలో ఎవరూ చూడని బంగారం పరువు కాపాడటానికి నెలకి 3,000 కడుతోంది. పాలు, పేపరు, కేబులు మూడూ మానితే వచ్చేదానికి అది దాదాపు రెట్టింపు.

అమ్మడం కూడా అంత తేలిక కాలేదు లెండి. రెండు లక్షలు కడితే గానీ బంగారం బయటికి రాదు, బంగారం అమ్మితే గానీ రెండు లక్షలు రావు. ఆ చీటీ హామీ బావమరిదే ఒక్కరోజుకి చేబదులిచ్చి, విడిపించిన దగ్గర్నుంచి నగల కొట్టు దాకా ఈయన వెంటే నడిచారు. బంధుప్రీతి అనుకున్నారు చూసినవాళ్లంతా. సాయంత్రానికల్లా అప్పులు రెండూ తీరిపోయాయి. మర్నాటి నుంచి అరలీటరు పాలు మళ్లీ మొదలు. నానమ్మగారు శనివారాలు రద్దు చేసుకున్నారు.

మిగిలింది చదివింపుల సంగతి. రెండు పెళ్లిళ్లకీ 516 చొప్పున చాలని ఇంటావిడ కవర్లు సిద్ధం చేసింది. సరిగ్గా ఆ రెండు ముహూర్తాలకీ ఇంటాయనకి జ్వరం వచ్చింది.