మూడు కంప్లైంట్లు, మూడూ పరిష్కారమైపోయాయట!

ఇంట్లో నెట్ మాటిమాటికీ పోతోందని ఇంటర్నెట్ కంపెనీకి నెలలో మూడు కంప్లైంట్లు పెట్టాను. వాళ్ల రికార్డులో మూడూ పరిష్కారమైపోయాయి. ఇంట్లో ఫైబర్ డబ్బా మీద LOS లైటు మాత్రం కాసేపు ఎర్రగా మిణుకుతుంది, కాసేపు ఆరిపోతుంది. అది ఎర్రగా ఉందంటే బయటి నుంచి సిగ్నలే రావట్లేదని అర్థం. అయినా ఫోన్ చేసిన ప్రతిసారీ "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనే పాటే.

3వ తేదీన పెట్టిన 4471 నంబరు కంప్లైంట్ మర్నాటికే క్లోజ్. నెట్ వచ్చిన పది నిమిషాల్లో చూసి "లైన్ బాగుంది" అని మూసేశారన్నమాట. క్లోజ్ చేసింది మళ్లీ తెరవడం కుదరదట, కొత్తది పెట్టుకోవాలట. అంటే ఎన్నిసార్లు మొత్తుకున్నా వాళ్ల లెక్కలో మనం మొదటిసారి ఫోన్ చేసినట్టే!

11న 4526 పెడితే టెక్నీషియన్ వచ్చాడు. పాపం అతను మంచోడే. వైరు మీటర్‌కి పెట్టి చూస్తే సిగ్నల్ −29 డీబీఎం. "ఈ డబ్బాకి −27 కంటే కిందికి పోకూడదు సార్, బయట ఎక్కడో జాయింట్ పాడైంది, అతికేవాళ్లు రావాలి" అన్నాడు. మీటర్ ఫొటో తీసి పెట్టుకున్నాను. ఆ అతికేవాళ్లు రానేలేదు గానీ "కస్టమర్ ఇంట్లో లేరు" అని రాసి అదీ మూసేశారు. నేను రోజంతా ఇంట్లోనే ఉన్నాను! 19న పెట్టిన 4609 గతీ అంతే.

ఇక ఫోన్లు మానేసి ఒక్క మెయిల్ పెట్టాను: "4471, 4526, 4609 ఒకే సమస్య, ఏదీ తీరలేదు. మీటర్ ఫొటో జత చేశాను. 25వ తేదీతో కనెక్షన్ ముగించండి. పనిచేయని రోజులు తీసేసి చివరి బిల్లు పంపండి, కడతాను. 25 తర్వాతి కాలానికి ఒక్క పైసా కట్టను. డబ్బా తీసుకెళ్లి, దాని సీరియల్ నంబరు రాసిన రసీదు ఇవ్వండి."

చాలామంది ఆటోపే ఆపేసి పని అయిపోయిందనుకుంటారు. అది డబ్బు పోవడాన్ని ఆపుతుందంతే, కనెక్షన్‌ని కాదు. బిల్లు నెలనెలా పడుతూనే ఉంటుంది, తర్వాత బకాయి అంటూ వెంటపడతారు. అందుకే ముందు డిస్‌కనెక్షన్ రిక్వెస్ట్ నంబరు తీసుకుని ఆటోపే తర్వాత తీసేశాను.

అప్పుడు చూడాలి హడావుడి! మూడు కంప్లైంట్లకి రాని ఫోన్ గంటలో వచ్చింది. ఒక నెల ఫ్రీ అట. రాని నెట్ ఫ్రీగా ఇస్తే ఏం చేసుకోను?

డబ్బా ఇచ్చేశాను, రసీదు ఉంది. అయినా వచ్చే నెల బిల్లు నిన్న వచ్చింది. డిస్‌కనెక్షన్ నంబరు, రసీదు ఫొటో పెట్టి ఆ పాత మెయిల్‌కే జవాబిచ్చాను. ఇంకా ఉలుకూ పలుకూ లేదు.