టెస్టర్ శీర్షికలో హోదా తరువాత రావలసిన మాట

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద కనిపించే శీర్షికకు 220 అక్షరాల చోటు ఉంది. ఆరేడేళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ టెస్టర్లు కూడా చాలామంది ఆ చోటును వాడుకోరు. ప్రస్తుత ఉద్యోగం వివరాలు నింపినప్పుడు సైటు తనంతట తానే పెట్టిన ‘సీనియర్ టెస్ట్ ఇంజనీర్, ఫలానా కంపెనీ’ అన్న మాటలనే ఉంచేస్తారు. ఆ హోదా కంపెనీ తన జీతాల శ్రేణుల లెక్క కోసం పెట్టుకున్న పేరు. ఒకచోట టెస్ట్ అనలిస్ట్ అనిపించుకున్న వ్యక్తే అదే పని చేస్తూ మరోచోట క్యూఏ ఇంజనీర్, ఇంకోచోట అసోసియేట్ కన్సల్టెంట్ అవుతాడు. కాబట్టి అది ఆ మనిషి పని గురించి చెప్పేది చాలా తక్కువ.

రిక్రూటర్లు వెతికేది హోదాల పేర్లతోనే కదా అన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. క్యూఏ ఇంజనీర్, ఎస్‌డెట్ వంటి మాట శీర్షిక మొదట్లోనే ఉండాలి. ఫోను తెరపై మిగతాది తరచుగా తెగిపోతుంది కూడా. అయితే ఆ వెతుకులాటలో ఒకే హోదాతో వందల పేర్లు వరుసగా వచ్చినప్పుడు, ఏ పేరు తెరవాలో తేల్చేది హోదా తరువాత వచ్చే మాటే.

అక్కడ మనవాళ్లు రాసేది పనిముట్ల జాబితా: సెలీనియం, టెస్ట్‌ఎన్‌జీ, పోస్ట్‌మ్యాన్, జెమీటర్. ఈ అలవాటు అమీర్‌పేట బోర్డుల నుంచి వచ్చిందని నా అభిప్రాయం. అక్కడి కోర్సులు పనిముట్ల పేర్లతోనే అమ్ముడుపోయాయి, నేర్చుకున్నవారూ తమను తాము ఆ పేర్లతోనే పరిచయం చేసుకున్నారు. ఒకప్పుడు ‘క్యూటీపీ టెస్టర్’ అనిపించుకోవడం గౌరవం. ఆ పనిముట్టు పేరు యూఎఫ్‌టీగా మారింది, తరువాత సెలీనియం ముందుకొచ్చింది, ఇప్పుడు ప్లేరైట్ అడుగుతున్నారు. పనిముట్టు మారినా మారనిది, ఆ టెస్టరు ఏ రకం నష్టాన్ని ముందే పట్టగలడన్నది. శీర్షికలో ఉండవలసింది అదే.

ఊహకు ఒకరిని తీసుకుందాం. ఆమెకు ఆరేళ్ల అనుభవం ఉంది. ఒక చెల్లింపుల సంస్థకు పనిచేస్తోంది. ఆమె రోజువారీ పని ఇది: కొనుగోలుదారు యూపీఐతో చెల్లిస్తాడు, ఖాతాలో డబ్బు తగ్గుతుంది, బ్యాంకు జవాబు మాత్రం సమయానికి రాదు. దుకాణం యాప్ ‘విఫలమైంది’ అని చూపిస్తే అతడు మళ్లీ చెల్లిస్తాడు, రెండుసార్లు డబ్బు పోతుంది. ఆమె జవాబును కావాలని ఆలస్యం చేసి, అదే కాల్‌బ్యాక్‌ను రెండుసార్లు పంపి, రోజు చివర లెక్కలు కలుస్తున్నాయో లేదో సరిచూసే పరీక్షలు రాసింది. రిజర్వు బ్యాంకు 2019 నిబంధనల ప్రకారం ఇలా దుకాణానికి ధృవీకరణ చేరని యూపీఐ చెల్లింపును అయిదు రోజుల్లోగా వెనక్కి ఇవ్వకపోతే, ఆపై ఆలస్యానికి రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి. ఇంత బరువైన పని చేస్తున్న మనిషి శీర్షికలో ‘సెలీనియం, జావా, మాన్యువల్ టెస్టింగ్’ అని ఉంది!

ఇంగ్లిషులో ఆమె రాయవలసిన శీర్షిక సారం ఇది: ‘సీనియర్ క్యూఏ ఇంజనీర్ (ఎస్‌డెట్), యూపీఐ చెల్లింపులు | రెండుసార్లు కోత, ఆగిపోయిన లావాదేవీ, కలవని లెక్కలు విడుదలకు ముందే పట్టే ఏపీఐ పరీక్షలు | జావా, రెస్ట్ అష్యూర్డ్’. హోదా మొదట్లోనే ఉంది, పనిముట్ల పేర్లు వెనక్కి జరిగాయంతే. క్లయింటు పేరు రాయలేదు. ఒప్పందాలు చాలా వరకు దానికి ఒప్పుకోవు, రంగం పేరు చాలు. ‘వెంటనే చేరగలను’, ‘అవకాశాల కోసం చూస్తున్నాను’ అన్న మాటలూ లేవు. నోటీసు వ్యవధికి నౌకరీ సైటులో వేరే గడి ఉంది, ఉద్యోగం వెతుకుతున్నట్టు రిక్రూటర్లకే కనిపించే ఏర్పాటు లింక్డ్‌ఇన్‌లో ఉంది.

అంకె పెట్టాలనిపిస్తే జాగ్రత్త. ‘1,200 బగ్‌లు పట్టాను’ అన్నది నా దృష్టిలో అతి బలహీనమైన అంకె: కోడు ఎంత నాసిగా ఉంటే అది అంత పెరుగుతుంది, ఒకే లోపాన్ని నలుగురు రాసినా పెరుగుతుంది. టెస్టర్లను బగ్‌ల సంఖ్యతో కొలిచే మేనేజర్లు మన పరిశ్రమకు చేసిన చెరుపు ఇది. ‘రిగ్రెషన్ రెండు రోజుల నుంచి నాలుగు గంటలకు తగ్గింది’ అన్నది నిజమైతే మేలు, కానీ ఇంటర్వ్యూలో వెంటనే మూడు ప్రశ్నలు వస్తాయి: ఏ పరీక్షలు తీసేశారు, కారణం లేకుండా ఒకసారి నెగ్గి ఒకసారి ఓడేవి ఎన్ని మిగిలాయి, అందులో మీ చేతి పని ఎంత? జవాబు లేని అంకెను శీర్షికలో ఉంచకపోవడమే మంచిది.

శీర్షిక మార్చాక మూడు నాలుగు వారాలు వచ్చే కాల్స్‌ను రాసి పెట్టుకోవాలి. ఎన్ని వచ్చాయన్నది పెద్ద విషయం కాదు. ఇంకా స్వల్పకాలిక మాన్యువల్ టెస్టింగ్ కాంట్రాక్టులకే పిలుస్తుంటే, కింద ఉద్యోగ వివరాల్లో పాత జాబితా అలాగే ఉండి ఉంటుంది. శీర్షిక చెప్పిన పనికి అక్కడ ఒక్క ఉదాహరణ కూడా దొరకడం లేదన్నమాట. చెల్లింపుల సంస్థల నుంచి పిలుపులు వచ్చి, మొదటి మాటే ‘ఆ లెక్కలు కలవని కేసు ఎలా పరీక్షించారు?’ అని మొదలైతే, సరైన మాటలే సరైన వారికి చేరాయి.