ఆ చీటీ ఫోటో ఎందుకు తీశారండీ?

సార్వా నాట్లకి వెళ్లొస్తున్న ఆటోని మా కోనసీమలో కాలువ గట్టు మీద లారీ గుద్దింది. ఏడుగురు ఆడవాళ్లకి దెబ్బలు తగిలాయి, వాళ్లలో మా పిన్ని ఒకరు. ఆసుపత్రికి చేర్చిన కుర్రాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. నా బాధంతా ఆ తర్వాత జరిగిన దాని గురించే.

క్యాజువాలిటీలో ఒకాయన తెల్లకాగితం మీద అందరి పేర్లు, వయసు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు, ఎవరికి ఎక్కడ తగిలిందో రాశాడు. పిన్ని పేరు పక్కన "టీబీ మందులు వాడుతున్నారు" అని ఉంది. అది డాక్టరుకి తెలియాల్సిందే, ఎందుకంటే ఆ మందులకి వేరే కొన్ని మందులతో పడదు. కాగితం అడుగున ప్రమాదం చూసి, సాయపడిన కొబ్బరికాయల వ్యాపారి పేరు, నంబరు కూడా రాశారు. సాయంత్రానికి ఆ కాగితం ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది.

రాత్రి పిన్ని కోడలికి ఫోన్. "ఆసుపత్రి నుంచండీ, మీ అత్తగారికి ఆపరేషన్, అర్జెంటుగా 15 వేలు ఈ నంబరుకి వేయండి." పేరు, వయసు, విరిగిన చెయ్యి, అన్నీ కరెక్టుగా చెప్పాడు. ఇంకెందుకు అనుమానిస్తుంది? పంపేసింది. పిన్ని కోలుకున్నాక మేస్త్రి ముఠాలోకి రానివ్వలేదు. ఊపిరితిత్తుల టీబీ అయినా మందులు సరిగ్గా పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుందని చెప్పినా వినే నాథుడు లేడు.

వ్యాపారికి లారీ తరఫువాళ్లు ఫోన్ చేశారు. ఏమన్నారో చెప్పడు. "నేనేం చూడలేదు బాబూ" అంటున్నాడు. సాయపడినవాడు తన పేరు, అడ్రసు చెప్పి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం కింద 2020లో వచ్చిన రూల్సే చెప్తున్నాయి. తనంతట తను సాక్షిగా ఉంటానంటే ఆయనకి వీలైన చోటే వాంగ్మూలం తీసుకోవచ్చు, ఇంటికొస్తే పోలీసు యూనిఫాం లేకుండా రావాలి. అంత జాగ్రత్తగా కాపాడమన్న మనిషి నంబరు ఊరందరి చేతిలో పెట్టేశాం.

మూడు వేర్వేరు చీటీలు చాలు. మందులు, ఎలర్జీలు డాక్టరు చేతికి. సాక్షి నంబరు, ఆయన ఒప్పుకుంటేనే, దర్యాప్తు చేసే ఎస్సైకి. ఇంట్లోవాళ్ల నంబర్లు ఒక్క మనిషి దగ్గర ఉంటే, ఆ మనిషే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. గ్రూపులో ఏం పెట్టాలంటారా? "ఫలానా చోట ఆటో ప్రమాదం, ఏడుగురికి దెబ్బలు, మనవాళ్ల కోసం ఆసుపత్రి రిసెప్షన్‌కి ఫోన్ చేయండి." ఇంతే.

ఫోటో మీద ఫోన్‌లోని హైలైటర్‌తో గీశాం కదా అనుకోకండి. ఆ రంగు పలచగా ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే కింది అంకెలు మళ్లీ కనిపిస్తాయి. ఆ భాగాన్ని కత్తిరించెయ్యాలి.

మా గ్రూపులో పెట్టినాయన "అందరికీ డిలీట్" కొట్టాడు. ఈలోపు వేరే గ్రూపులకి ఫార్వర్డ్ అయినవి, ఫోన్లలో సేవ్ అయినవి అలాగే ఉన్నాయి. మీ గ్యాలరీలో ఉంటే దయచేసి ఇప్పుడే తీసెయ్యండి.